ఉత్తరం రాయండి, కానీ అసలు మాటను దాచి రాయకండి

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా. నాకు 38, మా ఆయనకు 45. ఆయన నాకు మేనబావ. ఏడాదిగా మా మధ్య ఆ సంబంధం సరిగా లేదు, ప్రయత్నించినప్పుడల్లా మధ్యలోనే ఆగిపోతోంది. నాలుగు నెలలుగా వేరే గదిలో పడుకుంటున్నాడు, మాట కూడా తగ్గించేశాడు. అడగబోతే లేచి వెళ్ళిపోతాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళమని ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. నొప్పించకుండా ఎలా రాయాలి?

సమాధానం:

రాయండి. ఒక పేజీ, రెండు వైపులా మించకుండా, మీ చేతిరాతతో రాయండి. అసలు విషయాన్ని ఒక్కసారి సూటిగా చెప్పండి. ఒక్క పని మాత్రమే అడగండి. ఆ పనికి ఒక రోజు పెట్టండి. నొప్పి కలుగుతుందని భయపడి "ఒళ్ళంతా ఒకసారి పరీక్ష చేయించుకో" అని చుట్టు తిప్పి రాస్తే ఆ ఉత్తరం మీకు మేలు కంటే చేటే ఎక్కువ చేస్తుంది. ఎందుకో కింద చెబుతాను.

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. మొదటి తొమ్మిదేళ్ళు పాలమూరు వైపు ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేశాను, తర్వాత పదమూడేళ్ళుగా మిర్యాలగూడలో చిన్న క్లినిక్ నడుపుతున్నాను. అంగస్తంభన సరిగా లేదన్న ఈ బాధతో వచ్చిన మగవాళ్ళలో దాన్నే మొదటి మాటగా చెప్పినవాళ్ళు చాలా తక్కువ. గ్యాస్ అనో నడుము నొప్పి అనో వస్తారు, చీటీ రాయించుకుంటారు, తలుపు దాకా వెళ్ళి చెయ్యి గడియ మీద పెట్టి "ఇంకొకటి ఉంది మేడమ్" అంటారు. వచ్చింది ఆ ఇంకొకటి కోసమే. తలుపు దగ్గర ఆగకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఎందరో నాకు తెలియదు. కాబట్టి మీ ఉత్తరం ఆయన్ని క్లినిక్ దాకా పంపితే సరిపోదు. లోపలికి వెళ్ళాక నోరు తెరవడం కూడా ఆయనకు తేలిక చేయాలి.

దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక జంట కథ చెబుతాను. ఆమె మీలాగే ఆలోచించి, ఆ ఊసే ఎత్తకుండా, "వయసు మీద పడుతోంది, అన్ని పరీక్షలూ చేయించుకోండి" అని రాసింది. ఆయన మంచివాడు, వెంటనే వెళ్ళాడు. ఒక ల్యాబులో ప్యాకేజీ పరీక్షలు చేయించుకుని, "అన్నీ నార్మల్" అని రిపోర్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు. షుగర్ లేదు, కిడ్నీలు బాగున్నాయి, కొలెస్ట్రాల్ పరవాలేదు. ఆ కాగితంతో తలుపు మూసుకుపోయింది. శరీరంలో ఏ లోపమూ లేదు కాబట్టి తప్పు తనలోనే ఉందని ఆయన అనుకున్నాడు, తన మీద ఇష్టం పోయిందని ఆమె అనుకుంది. ఏడాది తర్వాత ఆమె తన మోకాళ్ళ నొప్పికి నా దగ్గరికి వచ్చి, మాటల మధ్యలో ఏడ్చింది. ఆయన్ని పిలిపించి, వాడుతున్న మాత్రల పట్టీ తీయమన్నాను. బీపీకి అటెనొలాల్, క్లోర్తాలిడోన్ కలిసిన మాత్ర. ఈ రెండు రకాల మందులూ కొందరిలో అంగస్తంభనను తగ్గించవచ్చు. ఇబ్బంది మొదలైంది ఎప్పుడని అడిగితే, మాత్ర మొదలుపెట్టిన రెండు నెలలకు అన్నాడు. మందు మార్చాక బీపీని గమనిస్తూ మూడు నెలలు చూశాం, చాలావరకు కుదుటపడింది. ఇంత చిన్న సంగతి ఏ ల్యాబు రిపోర్టులోనూ కనబడదు. ఎవరో ఒకరు అడగాలి, ఆయన చెప్పాలి. (మీ ఆయన కూడా బీపీ మాత్ర వేసుకుంటూ ఉంటే ఇది చదివి తనంతట తాను ఆపేయకూడదు. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపితే గుండెకు ప్రమాదం.)

ఇక మరో ఉత్తరం. ఇది నాకు తెలిసినంతలో బాగా పనిచేసిన ఉత్తరం. రాసినావిడ ముందుగా నా దగ్గరికి వచ్చి మాట్లాడింది, తర్వాత ఇంటికి వెళ్ళి తనే రాసుకుంది. ఆమె భర్త రైస్‌మిల్లులో గుమస్తా, వయసు 46. ఆమె ఒప్పుకుంది కాబట్టి, గుర్తుపట్టే వివరాలు మార్చి ఇక్కడ పెడుతున్నాను. వాళ్ళదీ మేనరికమే. మీకూ పనికొస్తుందని దాన్నే ఎంచుకున్నాను.

*బావా,*

*ఇది తిట్టడానికి రాయడం లేదు, సంజాయిషీ అడగడానికీ కాదు. ఎదురుగా మాట మొదలుపెడితే ఇద్దరం మధ్యలోనే ఆగిపోతున్నాం, అందుకే రాస్తున్నాను. ఒక్కడివే ఉన్నప్పుడు చదువు. చదివాక చించేసినా సరే.*

*పోయిన దసరా నుంచి నీకు అంగం గట్టిపడటం తగ్గింది. గట్టిపడినా నిలవడం లేదు. ఈ మాట నువ్వు చెప్పాల్సిన కష్టం లేకుండా నేనే ముందు రాసేశాను. నాకు కోపం లేదు. మొదట్లో మాత్రం నీకు నా మీద మనసు పోయిందేమో అనుకున్నాను. రెండు నెలలు అద్దంలో చూసుకుని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.*

*నాకు బాధగా ఉన్నది వేరే. నువ్వు వరండాలో మంచం వేసుకుంటున్నావు. మిల్లు నుంచి రాగానే లారీల కబుర్లు చెప్పేవాడివి, వడ్లలో తేమ ఉందని రైతుతో సేటు పెట్టుకున్న పేచీ ఇద్దరి గొంతులతో వినిపించేవాడివి. అన్నీ మానేశావు. అన్నం పెడుతుంటే నా చెయ్యి తగిలినా వెనక్కి తీసుకుంటున్నావు. ఇంట్లో ఉండి కూడా ఇంట్లో లేనట్టు ఉంటున్నావు.*

*నువ్వు పక్కన పడుకుంటే నాకు చాలు. ఏమీ జరగనక్కర్లేదు. ఈ నెలంతా మనం దాని జోలికే పోవద్దు, నేనే చెబుతున్నాను. ఊరికే పడుకుని మాట్లాడుకుందాం.*

*ఒకటి గమనించాను. రాత్రి మూడుసార్లు లేస్తున్నావు. మంచం పక్కన పెట్టిన చెంబు పొద్దున్నకు ఖాళీ అవుతోంది. మామయ్యకు షుగర్ బయటపడినప్పుడు ఇలాగే ఉండేది, నీకూ గుర్తుండే ఉంటుంది. షుగరో బీపీయో ఉంటే రక్తం సరిగా అందక ఈ ఇబ్బంది వస్తుందట, ఒక్కోసారి ముందుగా ఇదే తెలుస్తుందట. డాక్టరమ్మను అడిగి తెలుసుకున్నాను. నీ పేరు చెప్పలేదు.*

*వచ్చే సోమవారం పొద్దున మిల్లుకు సెలవు పెట్టు. డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేను బయట కూర్చుంటాను, లోపలికి రమ్మంటే వస్తాను. మగ డాక్టరైతే మేలనుకుంటే మగ డాక్టరు దగ్గరికే పోదాం. నోటితో చెప్పడం కష్టమైతే ఈ ఉత్తరంతో పాటు ఒక చిన్న చీటీ పెట్టాను. అది చూపించు, చాలు.*

*అత్తకు గానీ మా అమ్మకు గానీ చెప్పలేదు, చెప్పను. నువ్వు కూడా గోడల మీద రాసి ఉన్న నంబర్లకు ఫోను చేయకు.*

*జవాబు రాయనక్కర్లేదు. వస్తానంటే ఆదివారం రాత్రి మంచం లోపలికి తెచ్చుకో. నాకు అర్థమవుతుంది.*

*నీ మరదలు*

ఆ చిన్న చీటీలో ఇలా ఉంది:

*ఎనిమిది నెలలుగా అంగస్తంభన సరిగా లేదు. పొద్దున నిద్ర లేచేటప్పుడు గట్టిపడటం: ఉంది / లేదు. రాత్రి మూత్రానికి మూడుసార్లు లేస్తారు. బీడీలు రోజుకు ఒక కట్ట. వాడుతున్న మందులు ఏమీ లేవు. తండ్రికి షుగర్. రెండు నెలలుగా ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు.*

"ఉంది / లేదు" దగ్గర ఆయనే గీత పెట్టుకుని వచ్చాడు.

ఇది అక్షరం అక్షరం నకలు రాయకండి. మీ ఆయన రెండో వాక్యంలోనే పట్టేస్తాడు. మీ ఇంట్లో మంచం ఎక్కడ వేసి ఉందో, ఏ కబుర్లు ఆగిపోయాయో అవి మీ ఉత్తరంలోకి రావాలి. ఇంట్లో ఎలా పిలుస్తారో ఉత్తరంలోనూ అలాగే పిలవండి. "నువ్వు" అనే అలవాటుంటే "మీరు" అని మొదలుపెట్టకండి, అది కోర్టు నోటీసులా ఉంటుంది.

ఆ ఇబ్బంది పేరు విప్పి ఎందుకు రాయాలి. చాలామంది ఆడవాళ్ళు ఇక్కడే తడబడతారు. "ఆ విషయం", "మన మధ్య ఉన్న సమస్య" అని రాస్తారు. చదివే మగవాడు ఆ ఖాళీని తన భయంతో నింపుకుంటాడు. భార్య తనను చేతకానివాడు అనుకుంటోందనో, విడిపోవాలనుకుంటోందనో చదువుకుంటాడు. "అంగం గట్టిపడటం తగ్గింది" అనేది ఒంటి గురించిన మాట, "కళ్ళు మసకబారాయి" అన్నట్టే. మనిషి మీద తీర్పు అందులో లేదు. దానికి బదులు మగతనం, నపుంసకత్వం, నరాల బలహీనత లాంటి మాటలు ఒక్కటి రాసినా తీర్పు వచ్చేస్తుంది. నరాల బలహీనత అన్నది అసలు రోగం పేరే కాదు, గోడ మీద ప్రకటనలు రాసేవాళ్ళు వాడే పేరు. ఒకసారి రాస్తే చాలు. రెండోసారి రాస్తే ఫిర్యాదు అవుతుంది.

ఆయన దూరం ఎందుకు జరిగాడు. ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనబడేది "ఈ నెలంతా దాని జోలికే పోవద్దు" అన్న మాట. ఒకసారి తప్పిన మగవాడికి రెండోసారి అది పరీక్ష అవుతుంది. భయం వేసినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ రక్తనాళాలను బిగిస్తుంది. అంగం గట్టిపడాలంటే అవే నాళాలు వదులై రక్తం నిండాలి. అంటే భయమే దాన్ని మళ్ళీ తప్పిస్తుంది. నాలుగైదుసార్లు ఇలా అయ్యాక భార్య చెయ్యి తగిలినా "ఇది ఎక్కడికి దారి తీస్తుందో" అనిపిస్తుంది. చెయ్యి వెనక్కి తీసుకుంటాడు, త్వరగా నిద్రపోయినట్టు నటిస్తాడు, చివరికి మంచమే మారుస్తాడు. మీరు దాన్ని అయిష్టం అనుకుంటారు. చాలా ఇళ్ళలో అది పరీక్ష తప్పించుకోవడమే. పరీక్షే లేదని మీరు ముందుగా చెప్పేస్తే పక్కన పడుకోవడానికి భయం ఉండదు. మేము క్లినిక్‌లో జంటలకు చెప్పే మొదటి సలహా కూడా ఇదే. కొన్ని వారాలు కలయిక ప్రయత్నం వద్దు, తాకడం మాత్రం మానవద్దు అంటాం.

ఒక్క మాట జాగ్రత్త. రాస్తే నిలబడాలి. నెల అని రాసి పదో రోజున మీరే ప్రయత్నిస్తే ఆ తర్వాత మీరు రాసేది ఆయన నమ్మడు.

ఉత్తరంలో రాయకూడనివి. వేరే ఆడమనిషి ఉందా అన్న ప్రశ్న. మీకు అనుమానం ఉన్నా ఈ ఉత్తరంలో వద్దు, డాక్టరు మాట మొత్తం దాని కింద పడి నలిగిపోతుంది. పక్కింటివాళ్ళతో పోలిక వద్దు. "పిల్లల కోసమైనా" అన్న మాట కూడా వద్దు. బీడీ, కల్లు మానమనే పాఠం కూడా వద్దు, ఎందుకంటే అప్పుడు అడిగిన పనులు మూడవుతాయి, ఆయన ఏదీ చేయడు.

కల్లు గురించి పక్కదారి పట్టి ఒక మాట చెప్పాలి. పాలమూరులో పనిచేసినన్నాళ్ళూ చూశాను, కొన్ని చోట్ల కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు కలిపి అమ్ముతారు. రోజూ అది తాగే మనిషికి మందకొడితనం వస్తుంది, కోరిక తగ్గుతుంది. కానీ అలాంటి కల్లు ఏళ్ళ తరబడి తాగినవాడు ఒక్కరోజులో మానేస్తే చేతులు వణకడం, పిచ్చి మాటలు, ఫిట్స్ దాకా రావచ్చు. కాబట్టి "రేపటి నుంచి కల్లు ముట్టనని ఒట్టు వెయ్యి" అని మాత్రం రాయకండి. తాగుతాడన్న సంగతి చిన్న చీటీలో చేర్చండి, ఎలా తగ్గించాలో డాక్టరు చెబుతాడు.

ఎలా అందించాలి. వాట్సాప్‌లో పంపకండి. ఫోను పిల్లల చేతిలో ఉంటుంది, పైగా నీలి గీతలు పడ్డాయా లేదా అని మీరు కాపలా కాస్తారు. గొడవ జరిగిన రోజూ, రాత్రి పడుకునే ముందూ ఇవ్వకండి. ఆయన ఒంటరిగా రెండు మూడు గంటలు గడిపే పనికి వెళ్ళే ముందు, పొలం దగ్గరికో డ్యూటీకో, జేబులో పెట్టి "తీరిగ్గా చదువు" అనండి. తర్వాత నాలుగు రోజులు అడగకండి. మీరిద్దరూ మేనరికం కాబట్టి మీ అత్తగారు మీకు మేనత్తో మేనమామ భార్యో అవుతారు. ఆమెతో చెప్పించడం తేలిక అనిపిస్తుంది. వద్దు. ఈ సంగతి తన తల్లికి తెలిసిందని తెలిస్తే ఆయన మీకు కూడా ముఖం చూపించలేడు.

ఇక ఏ డాక్టరు? ముందుగా జనరల్ ఫిజీషియన్ చాలు. మగవాళ్ళ లైంగిక సమస్యలు చూసే ఆండ్రాలజిస్ట్ కోసం హైదరాబాద్ వెళ్ళాలని చూస్తే ప్రయాణం పేరుతో ఆరు నెలలు గడిచిపోతాయి. ఊళ్ళో ఎవరైనా చూస్తారనుకుంటే పక్క పట్టణానికి వెళ్ళండి, అది అర్థమయ్యే సంకోచమే. బోర్డు మీద గుప్తరోగాలు అని ఉన్న చోటికి, రోడ్డు పక్కన డేరాలకు వద్దు. లైంగిక సామర్థ్యం పెంచుతామని మందులకు ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. మూలికల పొడి అని అమ్మేవాటిలో చాలాసార్లు లెక్కాపత్రం లేకుండా, అంగస్తంభనకు డాక్టర్లు రాసే సిల్డెనాఫిల్‌నే కలుపుతారు. అది పనిచేసినట్టు కనబడటం వల్లే జనం నమ్ముతారు. గుండె మనిషికి అదే ప్రాణం మీదికి తెస్తుంది.

డాక్టరు గదిలో ఏం జరుగుతుందో ఆయనకు ముందే తెలిస్తే సగం భయం పోతుంది. మొదట ప్రశ్నలు ఉంటాయి. ఒక్కసారిగా మొదలైందా, నెమ్మదిగా తగ్గుతూ వచ్చిందా? పొద్దున లేచేటప్పుడు గట్టిపడుతోందా? పొద్దున బాగానే ఉండి, భార్య దగ్గర మాత్రమే తప్పుతుంటే మనసు వైపు మొగ్గు ఎక్కువ. నెమ్మదిగా తగ్గుతూ, పొద్దునా లేకుండా పోతే నాళాలు, నరాలు, షుగర్ వైపు. ఇది గీత గీసినట్టు విడిపోదు, చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. కోరికే పోయిందా, కోరిక ఉండి ఒళ్ళు సహకరించడం లేదా అనీ అడుగుతారు. తర్వాత బీపీ, నాడి, నడుము కొలత, కొద్దిసేపు శరీర పరీక్ష. రక్తంలో పరగడుపు షుగర్, మూడు నెలల సగటు షుగర్, కొలెస్ట్రాల్. కోరిక కూడా తగ్గినవాళ్ళకు టెస్టోస్టిరోన్ అనే మగ హార్మోన్, అదీ పొద్దుటిపూటే తీయాలి, మధ్యాహ్నానికి అది తగ్గుతుంది. తక్కువ వస్తే మరో రోజు మళ్ళీ చూడకుండా ఇంజెక్షన్లు మొదలుపెట్టకూడదు.

గుండెను కూడా ఎందుకు చూస్తామంటే, అంగానికి వెళ్ళే ధమనులు ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పే. గుండె ధమనులు మూడు నాలుగు మిల్లీమీటర్లు. లోపల కొవ్వు పేరుకోవడం అంతటా మొదలైనా సన్నని గొట్టం ముందు మూసుకుంటుంది. అందుకే కొందరిలో ఛాతీ నొప్పి రావడానికి రెండు నుంచి ఐదేళ్ళ ముందే ఈ ఇబ్బంది కనబడుతుంది. దీన్ని ఉత్తరంలో బెదిరింపుగా రాయకండి. "గుండెపోటు వస్తుందట" అని రాసిన ఒకావిడ భర్త నెల రోజులు పొలానికి పోవడం మానేసి మంచం మీద పడుకున్నాడు.

మిల్లు గుమస్తా సంగతికి వస్తాను. ఆ ఆదివారం మంచం లోపలికి రాలేదు. ఆమె ఏమీ అనలేదు. తర్వాతి ఆదివారం వచ్చింది. సోమవారం పొద్దున ఇద్దరూ నా దగ్గర కూర్చున్నారు, ఆయన మాట్లాడకుండా చీటీ బల్ల మీదికి జరిపాడు. పరగడుపు షుగర్ 188, మూడు నెలల సగటు 9.1. సగటు 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ అంటాం. బీపీ 150/96. ఇసీజీ బాగుంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, బీపీకి ఒక మాత్ర మొదలుపెట్టాం, బీడీలు ఆయనే తగ్గించుకుంటూ వచ్చాడు. నెల తర్వాత సిల్డెనాఫిల్ 50 మిల్లీగ్రాములు రాశాను.

రెండుసార్లు వేసుకుని, పనిచేయలేదని మళ్ళీ మాట తగ్గించాడు. వివరాలు అడిగితే తెలిసింది. మొదటిసారి చుట్టాలింట్లో మటన్ భోజనం చేసి వేసుకున్నాడు. కొవ్వు ఎక్కువున్న భోజనం మీద అది ఆలస్యంగా, తక్కువగా పనిచేస్తుంది. రెండోసారి వేసుకుని, గోడవైపు తిరిగి పడుకుని, దానంతట అదే వస్తుందని ఎదురుచూశాడు. ఆ మాత్ర కోరికను పుట్టించదు, దగ్గరతనం మొదలయ్యాక రక్తం నిండటానికి సాయపడుతుంది, అంతే. తేలికపాటి భోజనం చేసి, గంట ముందు వేసుకోమని, వేర్వేరు రోజుల్లో ఆరేడుసార్లు చూశాకే పనిచేస్తుందో లేదో తేల్చుకుందామని చెప్పాను. నాలుగోసారికి కుదిరింది. ఐదు నెలలకు షుగర్ సగటు 7లోపుకు వచ్చింది, కొన్నిసార్లు మాత్ర లేకుండానే సరిపోతోందని చెప్పాడు. అందరికీ ఇలా కాదు. పదిహేనేళ్ళుగా షుగర్ ఉన్నవాళ్ళకు మాత్ర చాలకపోవచ్చు, అప్పుడు వేరే పద్ధతులున్నాయి, అవి యూరాలజిస్ట్ చూస్తారు.

ఈ మాత్రను మందుల షాపులో అడిగి కొనవద్దు. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవాళ్ళు సిల్డెనాఫిల్ వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, ప్రాణం పోవచ్చు. ఛాతీ నొప్పి వచ్చి ఆసుపత్రికి వెళ్ళినా ఈ మాత్ర వేసుకున్నానని అక్కడ సిగ్గుపడకుండా చెప్పాలి. భార్యకు తెలిసి ఉండటం అందుకే మంచిది.

మీరు రాసిన దాంట్లో నన్ను ఆపిన మాట మరొకటి ఉంది, మాట తగ్గించేశాడని. అది మీ దగ్గరేనా, అందరి దగ్గరా? మీ దగ్గర మాత్రమే అయితే సిగ్గు కావచ్చు. స్నేహితులు, పొలం, పిల్లలు, తిండి, నిద్ర అన్నిటి మీదా ఆసక్తి పోయి రెండు వారాలు దాటితే అది డిప్రెషన్ కావచ్చు. డిప్రెషన్ వల్ల కూడా అంగస్తంభన తగ్గుతుంది. ఈ సంగతి కూడా చిన్న చీటీలో రాయండి. ఎప్పుడైనా "నేను లేకపోతే మీకు నయం" లాంటి మాట అంటే ఉత్తరం సంగతి పక్కన పెట్టండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉంటే ఆ రోజే తీయించేయండి, ఆయన్ని ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి. అడిగితే చాలామంది చెప్పుకుంటారు.

ఉత్తరం చదివి కూడా ఆయన కదలకపోతే? నెల ఆగండి. ఆ నెలలో మీ మాట ప్రకారం ఊరికే దగ్గరగా ఉండండి. తర్వాత ఇద్దరూ కలిసి షుగర్, బీపీ చూపించుకుందామనండి. 30 ఏళ్ళు దాటినవాళ్ళకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో అవి ఉచితంగానే చూస్తారు. ఇది చుట్టు తిప్పడం కాదా అంటారేమో. కాదు, అసలు మాట ఉత్తరంలో ముందే చెప్పేశారు కదా. అక్కడికి వచ్చాక చీటీ తీయాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. రెండో ఉత్తరం మాత్రం రాయకండి.

వెళ్ళే రోజు సంగతి. పరగడుపు పరీక్ష కాబట్టి ముందురోజు రాత్రి భోజనం తర్వాత మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు, పొద్దుటి టీ కూడా. వాడుతున్న ప్రతి మాత్ర పట్టీ, ఆయుర్వేదం పొడి అయినా సరే, ఒక కవర్లో వేసి తీసుకెళ్ళండి. చీటీ ఆయన జేబులో ఉండాలి, మీ చేతిసంచిలో కాదు.